తెల్లవారితే గురువారం, జనరేటరు మాత్రం బుధవారం

కృష్ణా జిల్లా మొత్తం మీద ఇంటర్నెట్లో జనరేటరు అద్దెకు తీసుకున్న మొదటి మొనగాణ్ని నేనే. సరే, జిల్లా వద్దు, మా వీధిలో. అదీ మౌసు పట్టింది నెట్ సెంటర్ ఓనరు. నేను వెనక నిలబడి వేలు చూపించాను.

కంకిపాడులో మా బావమరిది కూతురి పెళ్లి. సరిగ్గా ముహూర్తానికి కరెంటు పోయే రోజులవి. జనరేటరు పూచీ నాదన్నాను. గవర్నర్‌పేటలో ఒక సప్లై కంపెనీ అప్పుడే వెబ్‌సైట్ పెట్టింది. క్యాలెండర్లో ఖాళీ తేదీలు పచ్చగా, బుక్కయినవి ఎర్రగా ఉన్నాయి. అసలే పెళ్లిళ్ల సీజను, అయినా మా బుధవారం పచ్చగా మెరిసిపోతోంది! నా అదృష్టమనుకుని నొక్కించేశాను. డెలివరీ చార్జి దండగని, నేనే వచ్చి పట్టుకెళతానని పెట్టించాను.

బుధవారం పొద్దున్నే ట్రాలీ ఆటో వేసుకుని వెళ్లాను. కౌంటర్లో గుమాస్తా రూల్సు చదివాడు. "డిపాజిట్ ఇప్పుడు కట్టాలండీ. రాత్రి పదికల్లా సామాను తెచ్చి అప్పగిస్తే, చెక్ చేసి వెనక్కిస్తాం. ఆలస్యమైతే కోతే."

"పదికా? ముహూర్తం రెండున్నరకయ్యా!"

"శుభలేఖలో తెల్లవారితే గురువారం అని ఉండుంటుందండీ. మా క్యాలెండర్‌కి పన్నెండు దాటితే గురువారమే. అది వేరే పార్టీ బుక్ చేశారు. వాళ్లదీ కంకిపాడే, వాళ్లదీ పెళ్లే. సామాను ముందురోజు సాయంత్రమే పంపమని ఒకటే గొడవ. మీరు బుధవారం పట్టుకున్నారుగా, గురువారం పొద్దుటికి గానీ కుదరదన్నాం."

నాకు ఎక్కడో తగిలింది. బావమరిదికి ఫోన్ చేశాను.

"మీ మీద నమ్మకం లేక కాదు బావగారూ, ముందుజాగ్రత్తకి నేనూ ఒకటి బుక్ చేశా. ఎవడో దద్దమ్మ బుధవారం అడ్డం పడ్డాడు. పీటల మీద పిల్ల చీకట్లో కూర్చోవాలా?"

"ఉండు, ఆ దద్దమ్మతో నేను మాట్లాడతా" అని పెట్టేశాను.

కాస్సేపాగి మళ్లీ చేసి, "ఒప్పించానోయ్! మొండివాడు, కోరమీసం, నా మాటకి కరిగిపోయాడు" అన్నాను.

"దేవుడులాంటి మనిషి! భోజనానికి తీసుకురండి."

మా మాటలు విన్న గుమాస్తా రెండు బుకింగులూ కలిపి ఒకే డిపాజిట్ చాలన్నాడు. గురువారం డెలివరీ రద్దు చేయడానికి మాత్రం ఆ పార్టీ ఒప్పుకోవాలట. నేను కళ్లతో బతిమాలుతూనే ఉన్నాను, ఇంకా లైన్లో ఉన్న ఫోన్ లాక్కుని చెప్పేశాడు: "బుధవారం పార్టీ మీ బావగారేనండీ. రెండూ కలిపేయమంటారా?"

అవతల చెప్పింది విని తలూపాడు. తర్వాత ఫోన్ నా చేతికొచ్చింది.

"కలిపేయమన్నాను బావగారూ. ఆ కోరమీసం ఆయనకి జనరేటరు పక్కనే కుర్చీ వేయిస్తున్నా."

వేయించాడు కూడా. కరెంటు పోనే పోయింది. పిల్ల మెడలో మూడు ముళ్లూ దివ్యమైన వెలుగులో పడ్డాయట. డీజిల్ పొగలో నాకేం కనబడింది గనక!