మొలతాడు కొలత, బెల్టు కొలత

మా ఇంట్లో మగవాళ్లకు బెల్టు అలవాటు లేదు. మగ్గం గుంటలో కూర్చునే మనిషికి లుంగీ చాలు, లుంగీ జారకుండా మొలతాడు చాలు. మా ఆయన మగ్గం వదిలేసి, చిట్యాల దగ్గర హైవే పక్కనున్న ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేరాకే ప్యాంటు, టక్కు, బూట్లు మా గడప దాటి లోపలికి వచ్చాయి. మొదటి బెల్టు ఆయనే కొనుక్కున్నాడు. దాని నెంబరు ఎంతో నాకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

తర్వాత ఛాతీ జబ్బు వచ్చింది. దగ్గు, జ్వరం, నల్గొండ దవాఖాన, గోలీలు. నెలల తరబడి నా బతుకు ఇంటికీ దవాఖానకూ మధ్య బస్సుల్లోనే గడిచింది. మనిషి సగమయ్యాడు. తినమంటే తినడు. తినకపోతే నాకు కోపం. నేను కోప్పడితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలా ఇద్దరమూ అలసిపోయాం.

ఆ రోజుల్లోనే ఆయన మొలతాడు నడుం మీద నిలవక జారిపోతుంటే, పాతది తీసి కొత్తది కట్టాను. దారంతో పుట్టి పెరిగిన చేతులు నావి, ముడి వేయడం నాకొక పనా? కానీ ఆ పూట వేసిన ముడినే రెండుసార్లు విప్పి మళ్లీ వేశాను. కొత్తది పాతదానికన్నా ఎంతో పొట్టిగా ఉంది. ఈ మనిషి నాకు మిగులుతాడా లేదా అన్న ఒక్క భయమే అప్పుడు నా లోపల తిరుగుతుండేది.

చివరికి డాక్టరమ్మ, "ఇంక ఫికర్ లేదు. మందులు మాత్రం మధ్యలో ఆపొద్దు. బరువు పెరగాలె. కూసునే డ్యూటీ అయితే పోవచ్చు" అంది. గోదాము సూపర్‌వైజరు ముప్పై రెండు నెంబరు ప్యాంటుతో కొత్త యూనిఫాం ఇచ్చాడు. పాత బెల్టు పనికిరాలేదు. మేకుతో కొత్త రంధ్రాలు పొడిచీ పొడిచీ దాని తోక వీపు దాకా పోయింది, తోలు కూడా పగిలింది. నార్కట్‌పల్లిలో ఎలాగూ పని ఉంది కాబట్టి బెల్టు నేనే తెస్తానన్నాను.

కొలత ఎలా? మా ఇళ్లలో దేనికైనా దారమే కొలత. ఆయన నిద్రపోతుంటే మొలతాడు వెంబడి ఒక పోగు చుట్టి, అంతే పొడవుకు కోసి కొంగున కట్టుకున్నాను. మొగుడి మొలతాడునే చేతబట్టుకుని బజారుకు పోతే అపశకునం కదా, అందుకని ఈ తెలివి.

నార్కట్‌పల్లి చౌరస్తాలో బెల్టులు వేలాడదీసుకున్న చిన్న దుకాణం ఒకటుంది. దుకాణాయన నాకంటే పెద్దవాడు. నేను కొంగు విప్పి పోగు తీసి, "అన్నా, గింత పొడుగు బెల్టు ఇయ్యి" అన్నాను.

ఆయన పోగును వేళ్లకు చుట్టుకుని చూశాడు. "దేనితోని కొలిచినవ్ చెల్లె?"

"మొలతాడుతోని."

ఆయనకు నవ్వాగలేదు. "నీ పాడుగాను! మొలతాడు ఒంటి మీద ఉంటది చెల్లె. బెల్టు బట్టల మీద ఉంటది. ప్యాంటు నెంబరెంత?"

"ముప్పై రెండు."

"అయితే ముప్పై నాలుగు బెల్టు వట్టుకపో. ప్యాంటు నెంబరుకు రెండించులు మీద, మామూలుగ గదే లెక్క."

నాకు చిర్రెత్తింది. ముప్పై రెండు నడుముకు ముప్పై రెండు బెల్టు కాకుండా ముప్పై నాలుగెందుకు? అమ్ముకునేవాళ్లు ఏదైనా చెబుతారు. అదే అనేశాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. ముప్పై రెండు బెల్టు ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. "ప్యాంటు నెంబరు నడుముది. బెల్టు ఆ ప్యాంటు బయటికెల్లి తిరిగొస్తది. లోపల టక్కు చేసిన అంగీ, దాని మీద ప్యాంటు పట్టీ మందం, అన్నిటినీ చుట్టాలె గద. ఇంకోటి, బెల్టు నెంబరంటే తోక దాక గాదు. బకిల్ కాడికెల్లి నడిమి బొక్క దాక. ఐదు బొక్కలు, ఇంచుకొకటి. సరిపోయిన బెల్టయితే ముల్లు నడిమి దాంట్ల కూసుంటది. అటు రెండు, ఇటు రెండు మిగుల్తయి. మనిషి జర పెరిగినా తగ్గినా నడుస్తది. గీ ముప్పై రెండు వట్టుకపోయినవనుకో, ఆఖరి బొక్కకు వస్తది. పండుగనాడు నాలుగు బూరెలు తింటే విప్పి చేతుల వట్టుకోవాలె."

అర్థమైంది. ముప్పై నాలుగు తీసుకుంటే చాలు. కానీ నా చెయ్యి దాని మీదికి పోలేదు. ముప్పై నాలుగు అంటే ఇప్పుడున్న మనిషి కొలత. దవాఖాన నుంచి తెచ్చుకున్న ఆ ఎముకల గూడు కొలత. నాకు అది వద్దు.

"ముప్పై ఆరు అయితే ఎట్లుంటదన్నా?"

"మొదటి బొక్కకు వస్తది. తోక పొడుగైతది. సక్కగనిపియ్యది."

"అంటే నాలుగు బొక్కలు ఖాళీగుంటయా?"

"ఉంటయి."

"గదే ఇయ్యి."

ఇంటికొచ్చాక ఆయన కట్టుకుని తోకను అటూ ఇటూ ఊపాడు. "ఎవనికే గిది? నాకా, గా లావున్న మీ అన్నకా?"

"నీకే. బకిల్‌కు దగ్గరున్న బొక్కల వెట్టుకో. కడుపునిండ తిను. మిగిలినయి నీ కోసమే ఖాళీగున్నయి."

నవ్వాడు, నవ్వుతూనే దగ్గాడు. తర్వాత ఆ ఖాళీ రంధ్రాలను ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు.

అప్పటి నుంచి పొద్దున లేస్తే నా కళ్లు ఆయన మొహం మీదికి కాదు, బకిల్ మీదికే పోయేవి. జొన్నరొట్టె, పప్పు, ఉడకబెట్టిన గుడ్లు. పెట్టీ పెట్టీ విసుగొచ్చింది. ముల్లు మొదటి రంధ్రం దగ్గరే ఉండేది. "గడ్డి మేస్తే గొడ్డన్న బలుస్తది, నువ్వేందయ్యా" అని ఒక్కోసారి నోరు జారేదాన్ని. ఆయన తలొంచుకుని ఇంకో ముద్ద మింగేవాడు.

ఒక పొద్దున వాకిట్లో నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ముల్లు రెండో రంధ్రంలో ఉంది.

"చూసినవా? నీ గుడ్ల పుణ్యం."

"నిజమా!" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడా, ఎన్నాళ్లకు! గబగబా అన్నం బాక్సు కట్టి బయటికి తెచ్చాను. బాక్సు అందుకోవడానికి ఆయన ఎడమ చెయ్యి మాత్రమే చాపాడు. కుడి చెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది. ఈ మనిషి ఎన్నడూ జేబులో చెయ్యి పెట్టుకుని నడవడు, సూపర్‌వైజరు చూస్తే ఊరుకోడు కూడా. బాక్సు బరువుకు కాస్త వంగాడు. కుడి చెయ్యి జేబులోంచి జారింది, దానితోపాటే ప్యాంటూ జారింది. చటుక్కున పట్టుకున్నాడు.

ఆయన చేతిలోని బాక్సు తీసుకుని అరుగు మీద పెట్టాను. ముల్లు తీసి, బెల్టు లాగి, మళ్లీ మొదటి రంధ్రంలో పెట్టాను. ఆయన రోడ్డువైపు చూస్తున్నాడు.

"ఎందుకు జేసినవ్ గిట్ల?"

"రోజూ గా బకిల్ దిక్కే చూస్తవ్. చూసి మొకం మాడ్చుకుంటవ్. నాతోని అయితలేదే చూసుడు."

తోకను లూపులోకి దూర్చి సరిచేశాను.

"గీ బొక్క కాడనే ఉండు" అన్నాను. "పెరగకున్నా మంచిదే. ఉండు. గంతే చాలు నాకు."

దూరంగా బస్సు హారన్ వినబడింది. అరుగు మీది బాక్సు తీసి ఇచ్చాను. ఈసారి ఆయన రెండు చేతులూ చాపాడు.