కార్డుల మీద ఖాళీ

తల ఎత్తి వెనక బెంచీ అబ్బాయి వైపు చూశాను. మళ్ళీ కాగితం మీదికి వచ్చేసరికి నేను ఆపిన చోటు కనిపించలేదు. పేజీ నిండా వాక్యాలు, అన్నీ ఒకే ఎత్తులో, ఒకే నీలం రంగులో. ఎక్కడ ఆపానో అక్కడ వేలు పెట్టుకోవడం మర్చిపోయాను. రేపల్లెలో ఆ తరగతి గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు ప్రమాదం తెలిసింది సరిగ్గా ఆ క్షణంలోనే. పాఠం నాకు రాక కాదు. కాగితం లేకుండా అది నా నోటికి రాదని అప్పుడు తెలిసింది.

వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ గారు మెత్తగానే అన్నారు. "అమ్మా, ఆ పేపర్ పక్కన పెట్టి చెప్పండి."

పక్కన పెట్టాను. చెప్పలేకపోయాను.

అది డెమో క్లాసు. ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్ ఉద్యోగానికి వెళ్తే ముందు పిల్లల ఎదుట ఒక పాఠం చెప్పిస్తారు. తెనాలిలో నేను పని చేసే కాలేజీలో బీఏలో చేరేవాళ్ళు తగ్గిపోయారు. ఈ ఏడాదితో ఆ కోర్సు ఎత్తేస్తున్నామని చెప్పేశారు. ఎకనామిక్స్ చెప్పే నాకు అక్కడ వేరే తరగతులు లేవు. పిలుపు వచ్చింది రెండు చోట్ల నుంచే. ముందు రేపల్లె, తరువాత బాపట్ల.

"పోతే పోయిందిలే, కొన్నాళ్ళు పిల్లలతో ఉండొచ్చుగా" అంటారు మా ఆయన. మంచిగానే అంటారు. నా భయమంతా ఆ 'కొన్నాళ్ళు' దగ్గరే. ఒకసారి ఆగిన ఆడది మళ్ళీ చాక్‌పీసు పట్టుకోవడం మా వీధిలో నేనింకా చూడలేదు.

ఇన్నేళ్ళుగా పాఠం చెబుతూ కాగితం లేకుండా మాట్లాడలేకపోవడమేంటని ఎవరైనా అడగొచ్చు. మా కాలేజీలో పాఠమంటే నోట్సు రాయించడం. నేను చదువుతాను, పిల్లలు రాసుకుంటారు. "మేడం, మళ్ళీ చెప్పండి" అంటే అదే వాక్యం మళ్ళీ చదువుతాను. పరీక్షల్లో వాళ్ళకి అది చాలు. నా గొంతు ఆ నడకకే అలవాటు పడింది. రేపల్లె డెమోకి కూడా నేను తయారు చేసుకున్నది రాయించే నోట్సే.

మా స్టాఫ్‌రూములో నాకన్నా పెద్ద లెక్చరర్ ఒకావిడ ఉన్నారు, కామర్స్ చెబుతారు. నేను అక్కా అని పిలుస్తాను. రేపల్లె సంగతి విని ఆమె నా కాగితాలు అడిగారు. చూసి, నాలుగు మడతలు పెట్టి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు.

"ఇప్పుడు చెప్పు."

"అక్కా, ఒక్కసారి చూసుకుని…"

"ఏం చూసుకుంటావు? చీర కట్టుకునేటప్పుడు పుస్తకం చూస్తావా? చెప్పు."

చెప్పాను. పాఠం డిమాండ్ వ్యాకోచత్వం. ధర మారినప్పుడు జనం కొనేది ఎంత మారుతుందన్న లెక్క. ఉప్పు ధర పెరిగినా కొనేవాళ్ళు తగ్గరు. బిర్యానీ ధర పెరిగితే తగ్గుతారు. అడ్డదిడ్డంగానే అయినా చాలా దూరం వెళ్ళాను. నేను తడబడినప్పుడల్లా ఆమె చిత్తుకాగితం మీద ఒక్కో మాట రాసుకున్నారు. అయ్యాక అది నా ముందు పెట్టారు.

"ఇవే నీ నోట్సు. మిగతాదంతా నీకు వచ్చు. వచ్చింది మళ్ళీ రాసుకోవడం దేనికి, దండగ."

"మరీ ఇంత తక్కువైతే మర్చిపోతానక్కా."

"మర్చిపోయేది ఉన్నచోటే రాశానే పిచ్చిపిల్లా. రాసిపెట్టుకున్న వాక్యాన్ని కుదించడం కాదు. ముందు నోటితో చెప్పాలి, ఆగినచోట రాసుకోవాలి."

ఇంట్లో పడి ఉన్న పాత పెళ్ళి శుభలేఖలు తెమ్మన్నారు. దళసరి అట్ట, వెనక తెల్లగా ఉంటుంది, చెయ్యి వణికినా రెపరెపలాడదు. అరచేతికి కాస్త పెద్దగా కత్తిరించుకున్నాం. ఒక కార్డుకి ఒకే సంగతి. బల్ల మీద పెట్టి నిలబడి చూసినా కనబడేంత పెద్ద అక్షరాలు. మాటలు రెండో మూడో, చుట్టూ ఖాళీ. మూల మీద వరస నంబరు. పరీక్షల్లో అడిషనల్ షీట్లు కట్టే దారంతో మూలన గుచ్చితే కిందపడ్డా వరస చెదరదు.

పూర్తిగా రాసుకోవాల్సినవి కొన్నే అన్నారామె. మొదటి వాక్యం, చివరి వాక్యం, నిర్వచనం, సూత్రం, లెక్కలో అంకెలు. అవి తప్పు పోకూడదు. మిగతావి చాలావరకు ప్రశ్నలుగా రాయించారు. 'ఉప్పు ధర పెరిగితే?' అని ఉంటే నోరు జవాబు చెప్పి తీరుతుంది. 'ఉప్పు ధర పెరిగినా డిమాండ్ తగ్గదు' అని ఉంటే కళ్ళు దాన్ని చదివి ఊరుకుంటాయి.

"చూపు కార్డు మీద పడ్డప్పుడు నోరు మూసుకుని ఉండాలి" అన్నారు. "చూడు, తలెత్తు, అప్పుడు మాట్లాడు. చూస్తూ మాట్లాడావా, మళ్ళీ రేపల్లే."

ఇంటి దగ్గర రెండో తరగతి చదివే మా అమ్మాయే నా విద్యార్థి. బాబుకి ఇంకా బడి కొత్త, వాడు మంచం కింద నుంచి వినేవాడు. డాబా మీద బట్టలు ఆరేస్తూ చెప్పాను, పప్పు రుబ్బుతూ చెప్పాను. అమ్మాయి కార్డులు పట్టుకుని పరీక్షగా చూసేది.

"అమ్మా, ఇందులో 'ఉప్పు ధర పెరిగితే?' అని తప్ప ఏం లేదు. ఇంతేనా పాఠం? నాకూ వచ్చు."

"చెప్పు చూద్దాం."

"ఉప్పు లేకపోతే నానమ్మ తిడుతుంది. అందుకని కొనాలి."

అంతకన్నా నేను చెప్పబోయేది కూడా పెద్దగా లేదు. ఆ రోజుల్లో పాఠం నాతో నడిచింది. ప్రతిసారీ మాటలు కొంచెం వేరుగా వచ్చేవి, సంగతి మాత్రం తప్పేది కాదు. అలా మాట్లాడగలనని నాకే తెలియదు.

బాపట్ల వెళ్ళే రోజు పొద్దున తెనాలిలో పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పొలాలు వెనక్కి పోతున్నాయి. కార్డులు తీశాను. మొదటిది బాగానే ఉంది. రెండోది చూస్తే, ఆ మాట చుట్టూ ఉన్న తెలుపు అంతా ఒక్కసారి గోతిలా అనిపించింది. అక్కడికి వెళ్ళాక ఏమీ రాకపోతే? ఒక్క ఆసరా వాక్యం ఉంటే తప్పేంటి? పెన్ను తీసి కింద చిన్న అక్షరాలతో రాశాను. ఒకటి రాశాక దానికి ముందు మాట లేకపోతే అర్థం కాదనిపించింది. అదీ రాశాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చూస్తూ ఉంది.

"పరీక్షా అమ్మా?"

"కాదండి. ఇంటర్వ్యూ."

"మరి ఆ చీటీలేంటి, కాపీ కొట్టడానికా?"

పెట్టెలో నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను, చెయ్యి మాత్రం ఆగలేదు. నిడుబ్రోలు దాటేసరికి దారానికి గుచ్చిన కార్డుల్లో ఖాళీ ఉన్నది ఒక్కటీ మిగల్లేదు. గుండె కుదుటపడింది. అన్నీ నా దగ్గరే ఉన్నాయనుకున్నాను.

బాపట్ల కాలేజీలో పిల్లలు బెంచీల నిండా కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు, ఇంకో ఇద్దరు వెనక వరసలో. మొదటి వాక్యం కార్డు చూడకుండానే వచ్చింది. ఉప్పు వచ్చింది, బిర్యానీకి పిల్లలు నవ్వారు. అప్పుడు ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, మా నాన్న బీపీ మాత్రలు కూడా ఉప్పులాంటివేనా?"

"అంతే కదమ్మా. ధర పెరిగిందని మానేస్తారా? మానలేరు. కానీ ఒక కంపెనీ మాత్ర ధరే పెరిగి, అదే మందు ఇంకో కంపెనీది చవగ్గా దొరికితే?"

"అది కొంటాం మేడం."

"చూశావా. మందుకి డిమాండ్ తగ్గలేదు, ఆ కంపెనీ మాత్రకి తగ్గింది. బదులు దొరికే కొద్దీ వ్యాకోచత్వం పెరుగుతుంది."

ఇది నా కార్డుల్లో ఎక్కడా లేదు. పిల్లలు ముందుకు వంగి వింటున్నారు. వెనక ప్రిన్సిపాల్ గారు తల ఊపడం కూడా చూశాను. ఆ కాసేపు నా చేతులు ఎక్కడున్నాయో కూడా నాకు గుర్తులేదు.

తరువాత లెక్క చెయ్యాలి. అంకెల కోసం కార్డు వంక చూశాను. పెద్దగా రాసిన లెక్క ఎక్కడో ఉంది. దాని మీదా కిందా పక్కలా, రైలు కుదుపుకి వంకర్లు పోయిన చిన్న అక్షరాలు. అన్నీ అదే నీలం రంగు. కన్ను వెతికింది. దొరకలేదు. గదిలో ఫ్యాను చప్పుడు మళ్ళీ వినిపించింది. దొరికిన మొదటి వాక్యాన్ని పట్టుకుని చదివేశాను. అది అయ్యాక దాని కింది వాక్యం.

నా గొంతు మారడం నాకే వినిపించింది. అది నోట్సు రాయించే గొంతు. ఆపాలని తెలుసు, ఆపలేను. తల ఎత్తితే మళ్ళీ చోటు పోతుంది. కొందరు పిల్లలు అలవాటుగా పుస్తకాలు తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. అది చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

"అమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఇందాక ఆ పిల్ల అడిగితే చెప్పారు చూడండి, అలా చెప్పండి."

అలా అంటే ఎలానో నాకు తెలుసు. డాబా మీద ఎన్నిసార్లో చెప్పాను. నోరు తెరిచాను. కార్డు మీద ఉన్నదే వచ్చింది.

మరుసటి రోజు సాయంత్రం కాలేజీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "ఈసారికి వేరేవాళ్ళని తీసుకున్నారండి" అన్నాడతను, మర్యాదగా. అలాగేనండి అన్నాను. అక్కకి ఫోను చేసి కార్డులు నింపేసిన సంగతి చెప్పాను. ఆమె తిడతారనుకున్నాను. "అయ్యో, చివర్లో భయపడ్డావా" అన్నారు. అంతే. ఆ కార్డులు నేను పారెయ్యనూ లేదు, దాచుకోనూ లేదు. బీరువా మీద ఎక్కడో ఉన్నాయి.

ఆ రాత్రి పడుకుని పిల్లలకి ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి, వాళ్ళు భయపడకుండా ఏ మాట ముందు రావాలి, ఏ మాట వెనక రావాలి. వాక్యం తరువాత వాక్యం, అన్నీ వరసలో పేర్చుకున్నాను. పొద్దున జడ వేస్తుంటే అమ్మాయి అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది.

"అమ్మా, ఉద్యోగం వచ్చిందా?"

పేర్చుకున్నవాటిలో ఒక్కటీ రాలేదు.

"రాలేదమ్మా" అన్నాను. "వచ్చే నెల నుంచి అమ్మ ఇంట్లోనే ఉంటుంది. తరువాత ఏంటో నాకూ తెలియదు."

అమ్మాయి రిబ్బను నా చేతికి అందించింది. చెప్పులు తొడుక్కుంటున్న బాబు తలెత్తాడు. "అయితే రోజూ బడి దగ్గరికి నువ్వే వస్తావా?"

"వస్తాను నాన్నా" అన్నాను. "రోజూ నేనే వస్తాను."