పదిగంటల టీ, ఆడవరుసలో కేళీలు

మానవజాతి చరిత్రలో నిప్పు, చక్రం తర్వాత చెప్పుకోదగ్గది నా పదిగంటల టీ. పదకొండున్నర దాకా సాగే ఆ మహాక్రతువును ఏ పైఅధికారీ చెడగొట్టలేకపోయాడు. చెడగొట్టింది కేళీల పెద్దమ్మ, చేలో దూరిన పరాయి మొక్కల్ని ఏరడంలో దిట్టయిన రైతు.

నేను హైబ్రిడ్ వరి విత్తనాల చేలకు సలహాలిచ్చే ఉద్యోగిని. వరి పువ్వు విచ్చుకునేది సరిగ్గా నా టీ వేళకేనన్న సంగతి నా చదువులో ఉంది గాని అలవాటులో లేదు.

పెద్దమ్మ కౌలుచేలో ఆడవరుసలు ఏ లైను, మగవరుసలు ఆర్ లైను. ఏ లైను పుప్పొడి పనికిరాదు. ఆ లోపం తల్లి కణద్రవ్యంతో వచ్చేది. అందుకే అది ఆర్ లైను పుప్పొడి అందుకుని హైబ్రిడ్ గింజ పట్టుకుంటుంది. ఆ గింజ మొలిచి పూస్తే పుప్పొడి బాగుంటుంది, ఆర్ లైను చలవ. మరి ఏ లైను వంశం నిలిచేదెలా? దానికి బి లైనని తోబుట్టువుంది. రూపం అదే, పుప్పొడి దివ్యం. ఆ పుప్పొడితో పట్టిన గింజ మళ్ళీ ఏ లైనే. ఈ పని వేరే చేలో జరగాలి. ఇక్కడ ఆడవరుసలో బి మొక్క దూరితే అది కేళీ. దాని పుప్పొడి పడ్డ గింజ కొన్న రైతుకు వెన్నుల నిండా తాలే. తనిఖీలో కేళీలు దొరికితే పెద్దమ్మ పంట విత్తనం కాదు, మిల్లుకు పోయే మామూలు ధాన్యం.

తనిఖీకి మూడు రోజులుందనగా పెద్దమ్మ కబురు పెట్టింది. నేను పన్నెండున్నరకు వెళ్ళాను.

"ఆడవరుసలో కొన్ని తొందరపడి పూశాయి బాబూ. చూడు."

పెన్నుతో వెన్ను తట్టాను. పుప్పొడి తిత్తులు పాలిపోయి వేలాడుతున్నాయి, పొడి రాలలేదు.

"ఏ లైనే పెద్దమ్మా, శుద్ధం" అని తీర్పిచ్చాను.

"సంత ఎత్తేశాక బేరానికొచ్చినట్టుంది నీ పరీక్ష. రేపు పదింటికి రా."

"పదింటికా?"

"పువ్వుకి నీ టీ సంగతి తెలీదు కదా."

మర్నాడు టీ మాని వెళ్ళాను. నిన్నటి మొక్కల్లోనే కొత్త పూలు విచ్చుకున్నాయి, తిత్తులు పసుపుపచ్చగా నిండుగా ఉన్నాయి. ముట్టుకుంటే వేలంతా పొడి. నిన్న నేను వెళ్ళేసరికే అదంతా రాలిపోయిందన్నమాట. చుట్టూ ఏ లైనులో ఒక్క పువ్వూ ఇంకా విచ్చలేదు. బి మొక్కలు రెండు మూడు రోజులు ముందే పూస్తాయని శిక్షణలో ఆమెకు చెప్పింది నేనే. ఆమె ఆ మాట ఎత్తలేదు. అంతకంటే తిట్టినా బాగుండేది.

పద్నాలుగు మొక్కలు వేళ్ళతో సహా పీకాం. ఆమె పీకింది, నేను గోనె పట్టుకున్నాను.

తనిఖీ అధికారి వరుసలన్నీ తిరిగి, ఒక్క కేళీ దొరక్క సంతకం పెట్టాడు. పెద్దమ్మ నా వంక చూసి, "మా బాబు దగ్గరుండి చూసుకున్నాడు" అంది. నేను నేలచూపులు చూశాను.

ఇకపై నా టీ ఎనిమిదింటికేనని ఆఫీసులో అందరి ముందూ ప్రకటించాను.

మా క్యాంటీను తొమ్మిదింటికి తెరుస్తారు.