నూట అరవై డిగ్రీల తెల్లసొన

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటాక, రెండో సందులో వామన్‌రావు బేకరీ. ఆ సందులోకి మలుపు తిరగక ముందే వెన్న కాలిన వాసన ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేది. అక్కడ బెత్సీ నాలుగేళ్ల పాటు బిస్కెట్లకు కాగితం చుట్టింది. మెదక్ మిషన్ బడిలో ఏడో తరగతి వరకు చదివిన పిల్ల. చేతులు కాగితం మీద ఉన్నా, కళ్లు మాత్రం కిటికీ దగ్గరున్న ఐసింగ్ బల్ల మీదే.

ఆ బల్ల ఎర్నెస్ట్ మాస్టర్‌ది. పచ్చి తెల్లసొనలో పొడి చక్కెర గిలక్కొట్టి, కాగితపు గొట్టంలో నింపి, కేకుల మీద తెల్లటి తీగలు పారించేవాడు. ఆయన చేతి కింద చక్కెర మంచులా పడి, రాయిలా నిలబడేది. ఇంగ్లీషు అక్షరాలైతే ముత్యాలే. తెలుగు మాత్రం రాయడు. "గా గుండ్రాలన్నీ నాతోని గావు" అనేవాడు.

పంతొమ్మిది వందల యాభై మూడు డిసెంబరులో నాంపల్లి పిల్లల దవాఖాన నుంచి జయమ్మ సిస్టర్ వచ్చింది. జ్వరాలు పడి లేస్తున్న నలభై మంది పిల్లలున్నారు. క్రిస్మస్‌కు ఒక్కొక్కరికి ఒక్కో నక్షత్రం బిస్కెట్ కావాలి. దాని మీద వాళ్ల పేరు, వాళ్లు చదువుకోగలిగేలా తెలుగులో.

"ఒకటే షరతు" అంది సిస్టర్. "పచ్చి గుడ్డు ఉండొద్దు. ఆ పిల్లల కడుపులు ఇంక గట్టిపడలేదు."

ఎర్నెస్ట్ నవ్వాడు. "నలభై ఏండ్ల సంది పచ్చి సొనతోనే చేస్తున్న సిస్టరమ్మా. ఎవరన్న చచ్చిన్రా?"

"మీ కేకులు తిన్నోళ్లు మా వార్డులోంచి లేచి రాలేదు కదా మాస్టర్‌గారూ."

వామన్‌రావు గడ్డం గోక్కున్నాడు. "గట్లైతే ఉత్త బిస్కెట్లే పంపుదం. పేర్లు లేకుంటే ఏమైతది?"

అప్పుడే బెత్సీ చేతిలోని కాగితం కింద పెట్టింది. "నేను రాస్త సేటూ. పచ్చి సొన లేకుండ."

"కాగితాలు చుట్టేదానివి, నీకేమెరుక?" అన్నాడు సేటు. ఆమె తల దించలేదు. ఆయన ఆ కళ్లలోకి కాసేపు చూసి, "మూడు దినాలిస్త" అన్నాడు. "కుదిరితే మాస్టర్ పక్కన పీట వేయిస్త. కుదరకుంటే మళ్ల బల్ల దిక్కు చూడొద్దు."

మొదట నీళ్లూ పొడి చక్కెరా కలిపి చూసింది. మెరిసింది గానీ, రాసిన అక్షరం చెమట పట్టినట్టు కరిగి పక్కకు జారింది. 'బిచ్చయ్య' అని రాయాలంటే చ కింద ఒక వత్తు, య కింద ఇంకో వత్తు. అంత బరువును ఆ నీళ్ల ఐసింగ్ ఎక్కడ మోస్తుంది?

తర్వాత మందుల దుకాణంలో ఎండబెట్టిన సొన పొడి డబ్బా ఒకటి దొరికింది. దాన్ని దవాఖానకు మోసుకుపోయి చూపిస్తే, జయమ్మ డబ్బా తిప్పి తిప్పి చదివింది. "ఎండబెట్టిన్రని ఉంది. వేడి చేసిన్రని ఎక్కడా లేదు. ఎండితే రోగం పురుగు చావదు బెత్సీ, నిద్ర పోతది, అంతే." బెత్సీ మొహం వాడిపోవడం చూసి మళ్లీ అంది, "ఫారెన్‌హీట్‌ల నూట అరవై డిగ్రీల దాకా కాచిన సొన అయితే నేను ఒప్పుకుంట. కానీ కాస్తే అది ఉడికి అట్టు అయిపోతది. అదే నీ తిప్పలు."

తిప్పలే అయింది. పొయ్యి మీద పెట్టిన సొన క్షణంలో తెల్లని తునకలుగా విరిగింది. నీళ్ల ఆవిరి మీద గిన్నె పెట్టి కాచినా, ముత్యాలంత పలుకులు కట్టింది. రెండో దినం పొద్దు గుంకే వేళకు పది గుడ్లు పాడు. ఎర్నెస్ట్ వెనక నుంచి తొంగి చూసి, "ఆమ్లెట్ మంచిగైంది, ఉప్పేసుకో" అన్నాడు.

ఆ మాట కుట్టినా ఆమె పొయ్యి దగ్గరి నుంచి కదల్లేదు. పాకం చేసేటప్పుడు చక్కెర నీళ్లు ఎంత కాగినా పొయ్యి మీద పారుతూనే ఉంటాయి కదా, చక్కెర తోడుంటే సొన కూడా తొందరపడదేమో అనిపించింది. ఒక్కో సొనకు రెండు చెంచాల చక్కెర ముందే కలిపింది. నీళ్లు గిన్నె అడుగును తాకకుండా, ఆవిరి మాత్రం తగిలేలా నిలిపింది. అడుగూ అంచులూ గీకుతూ, చెయ్యి ఆపకుండా తిప్పింది. పాకం చూసే థర్మామీటర్‌లో గీత నూట ఇరవై, నూట నలభై, నూట యాభై... సొన విరగలేదు, చిక్కటి తేనెలా పారింది. నూట అరవై తాకగానే దించేసింది. థర్మామీటర్‌ను సలసల కాగే నీళ్లతో కడిగి పక్కన పెట్టింది.

కానీ గిలక్కొడితే నురుగు లేవలేదు. గిన్నెలో నీరసంగా కదిలింది, అంతే. ఎంతసేపు కొట్టినా అంతే. చేతులు పీకాయి. ఆఖరికి గిన్నె అంచును వేలితో రాస్తే వేలు జారింది. ట్రేలకు డాల్డా పూసే గుడ్డతోనే ఆ గిన్నెనూ తుడిచానని గుర్తొచ్చింది, నాలుగేళ్లుగా ఆ బేకరీలో అందరూ చేసినట్టే. జిడ్డు ఇంతున్నా సొన లేవదు. ఎర్నెస్ట్ వైపు చూసింది. ఆయన గిన్నెలు మాత్రం వేరే మూలన, నిమ్మచెక్కతో రుద్ది, వేడి నీళ్లతో కడిగి, బోర్లించి ఉన్నాయి. ఎవరికీ చెప్పని సంగతి.

ఆమె గిన్నె, కవ్వం, చెంచా అన్నీ నిమ్మచెక్కతో రుద్దింది. మళ్లీ కాచింది, మళ్లీ కొట్టింది. ఈసారి సొన దూదిపింజలా లేచింది. మస్లిన్ గుడ్డలో జల్లించిన పొడి చక్కెర కొంచెం కొంచెంగా పోసి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండింది.

బిస్కెట్ నిండా పరిచే ఐసింగ్ వేరు, పేరు రాసే ఐసింగ్ వేరు. మొదటిది చుక్క చుక్కగా నీళ్లు పోసి పలుచన చేసింది. కత్తితో గీత గీసి లెక్కపెడితే, పది అనేసరికి గీత మాయమైపోవాలి. ఐదుకే పోతే అంచు దాటి కారుతుంది, ఇరవైకీ పోకుంటే గడ్డలు పడుతుంది. రెండోది చెంచాతో పైకి లాగితే నిలబడాలి, కొన మాత్రం సిగ్గుపడ్డట్టు వంగాలి. దాంట్లో ఎర్ర రంగు ఒక చుక్క వేసింది. పరిచిన తెల్లదనం ఆరేదాకా ఆగి, తెల్లారి నలభై పేర్లు రాసింది. తలకట్టు రాగానే ఊపిరి బిగబట్టింది, వత్తు రాగానే వదిలింది.

మధ్యాహ్నం జయమ్మ వచ్చింది. ఎట్లా కాచిందో, ఎంత దాకా కాచిందో అన్నీ అడిగి తెలుసుకుంది. తల ఊపింది. తర్వాత నెమ్మదిగా అంది, "పొద్దున ఒక పిలగాడు కొత్తగ వచ్చిండు. రాజమల్లు. నలభై ఒక్కటి కావాల్సి వస్తది."

పరిచి ఆరిన బిస్కెట్లు రెండు ఎక్కువే ఉన్నాయి. కానీ తడి గుడ్డ కింద ఎర్ర ఐసింగ్ పొద్దుటి నుంచి నిలవుంది. లాగి చూస్తే కొన నిలబడలేదు, కిందికి వాలిపోయింది.

"సాలు తీయ్, గట్లనే రాయి" అన్నాడు వామన్‌రావు. "సిస్టరమ్మకు ఆలస్యమైతది."

"రాస్తే కారుతది సేటూ. జర ఆగుండ్రి."

చెంచాడు చక్కెర జల్లించి కలిపింది. లాగింది. చాలలేదు. ఇంకో అరచెంచా. ఎర్నెస్ట్ తన పీట మీంచి లేచి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మూడోసారి లాగితే తీగ నిలబడి, కొన వంగింది.

కాగితపు గొట్టం నింపి రాసింది. ర గుండ్రం, దాని దీర్ఘం, జ సుడి, మ పక్కన మెలిక, ల కింద వత్తు, కొమ్ము. ముగ్గురూ బల్ల మీదికి వంగి చూశారు. ఒక్క అక్షరం కదల్లేదు.

"గిన్నె ఎప్పుడు కడిగినవ్?" అన్నాడు ఎర్నెస్ట్.

"మీ గిన్నెలు చూసినంక, మాస్టర్ సాబ్."

ఆయన తన చోటికి తిరిగిపోయి, తన పీటను కాలితో ఒక జానెడు పక్కకు నెట్టాడు.

వామన్‌రావు అంతా చూసి దగ్గాడు. "రేపటి సంది కాగితాలు ఎవరు చుడతరు మరి?"

"ఎవరినన్న పెట్టుకోండ్రి" అంది బెత్సీ, రాజమల్లు పేరు ఆరేదాకా చెయ్యి అడ్డం పెట్టి.