తమ్ముడికి వేరే గది

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, తమ్ముడికి పదమూడు. మోత్కూర్ దగ్గర పరాయి మందలోంచి ఇద్దరం కలిసి రెండు గొర్రెలు తోలుకుపోయి, ఆలేరు అంగట్లో అమ్మబోతూ దొరికిపోయాం. ఉపాయం వాడిదే.

నల్లగొండ కోర్టులో మమ్మల్ని విడదీశారు. పిల్లల్ని పెద్దవాళ్లతో కలిపి విచారించకూడదట. నేను నిండు కోర్టులో బోనెక్కాను. సాక్షులు నన్ను వేలెత్తి చూపారు. మూడు నెలల జైలు పడింది.

తమ్ముడి సంగతి బాపు జైలుకొచ్చి చెప్పాడు.

"వాన్ని వేరే అర్రల కూసుండబెట్టిండ్రు బిడ్డా. బయటోళ్లను రానియ్యలే. పోలీసాయన గూడ మామూలు బట్టలల్లనే వచ్చిండు. బడికెందుకు పోతలేవని మెజిస్ట్రేటు మెల్లగ అడిగిండు. పిలగాడు బాగుపడాలె, జైలు వద్దన్నడు. నాతోని జామీను రాయించుకొని ఇంటికి తోలిండు."

బాపు మొహంలో సంతోషం చూసి నాకు కడుపు మండిపోయింది.

విడుదలై ఇంటికొచ్చాక వారం రోజులు వాడితో మాట్లాడలేదు. చివరికి వాడే దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఉపాయం నాదేనని మెజిస్ట్రేటు సార్‌కు చెప్పిన. నిన్ను గూడ ఇడిసిపెట్టుమన్న. మీ అన్న పెద్దోడు, ఆయన కేసు వేరే అన్నడు."

వాడి భుజం మీద చెయ్యి వేశాను గానీ అసూయ చావలేదు. ఆ ఏడంతా వాడు పలక పట్టుకొని బడికి పోతుంటే, నేను మా గొర్రెల వెంట నడుస్తూ మొహం తిప్పుకునేవాణ్ణి.