పాత ఇంటి నంబరు రాసిన లిఫ్ట్ మేస్త్రి

ఇరవై రెండేళ్లుగా పైకీ కిందికీ తప్ప అడ్డంగా ఎక్కడికీ వెళ్లని మనిషి మా లిఫ్ట్ మేస్త్రి. ఊళ్లో ఏ మేడలో లిఫ్ట్ మధ్యలో ఆగిపోయినా ముందు ఆయనకే ఫోను వెళ్తుంది. లోపల ఇరుక్కున్నవాళ్లు కేకలు పెడుతుంటే తలుపు సందులోంచి, "గాలి వస్తూనే ఉంటుందండీ, కంగారు పడకండి, నేనున్నాను" అంటాడు. ఆ గొంతు వినగానే గుండె దడ తగ్గిందని చెప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. అదే మనిషికి ఆఫీసు కాగితం ఒకటి చేతికిస్తే మాత్రం తన గుండె దడే ఆగదు.

అలాంటివాడికి పాస్‌పోర్టు అవసరం పడింది. కొత్తరకం లిఫ్టుల పని నేర్పించడానికి కంపెనీ ముగ్గురిని విదేశంలో ఉన్న కార్ఖానాకు పంపుతానంది. రెండు నెలల్లో పాస్‌పోర్టు తెచ్చి చూపినవాళ్లకే చోటు. ఈ పని నేర్చుకోకపోతే రేపు కొత్త మేడల్లో తనకు పనే ఉండదని మేస్త్రికి బాగా తెలుసు.

ఐదు నెలల క్రితమే ఆయన పెద్ద రోడ్డు దాటి అవతలి వీధిలోకి ఇల్లు మారాడు. గుర్తింపు కార్డులో మాత్రం ఇంకా పాత ఇంటి నంబరే ఉంది. ఫారంలో ఏ ఇల్లు రాయాలో తెలియక పాత ఇంటి యజమానురాలిని అడిగాడు. ఆవిడ ఆయనకు వరసకు ఏమీ కాదు గానీ, పదేళ్ల అలవాటులో పిన్ని అయిపోయింది.

"కార్డులో ఒకటి, ఫారంలో ఇంకొకటి ఉంటే దొంగ అనుకుంటారు బాబూ. పాతదే రాసెయ్. ఎవరొచ్చినా నేను చూసుకుంటాగా" అంది పిన్ని.

భార్య మాత్రం ఒప్పుకోలేదు. "ఎక్కడుంటే అక్కడిది రాయాలి గానీ, కార్డులో ఉందని రాయడమేంటండీ?"

పాస్‌పోర్టు ఆఫీసు కౌంటర్లో అమ్మాయి, ఫారంలో మేస్త్రి రాసిన పాత ఇంటి నంబరు చూపించి, "ఇప్పుడు ఉంటున్నది ఇక్కడేనా?" అని అడిగింది. మేస్త్రి "ఊఁ" అన్నాడు. గట్టిగా అవునని అనలేదు కదా అని దారంతా తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

మూడు వారాల తర్వాత పోలీసు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. "రేపు పదింటికి ఇంటికొస్తున్నాను. ఒరిజినల్ కాగితాలన్నీ, రెండు ఫోటోలు, మిమ్మల్ని ఎరిగిన పక్కింటివాళ్లు ఇద్దరూ ఉండాలి."

మర్నాడు పాత ఇంటి మేడ మీద గదిలో పిన్ని రంగం సిద్ధం చేసింది. ఆ గదిలో ఇప్పుడు ఒక స్కూలు టీచరు అద్దెకుంటున్నాడు. అతను బడికి వెళ్లగానే తాళం తీసి, మేస్త్రి చొక్కా ఒకటి దండెం మీద ఆరేసింది. పక్కింటివాళ్లు ఇద్దరినీ పిలిచి, "ఇక్కడే ఉంటాడని చెప్పండి చాలు, ఎక్కువ మాట్లాడకండి" అని పాఠం చెప్పింది.

వచ్చిన పోలీసు నడివయసువాడు. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కాడు. ముందు కాగితాలు చూశాడు. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఫారంతో సరిపోల్చాడు. ఫోటో వంకా మనిషి వంకా రెండుసార్లు చూశాడు.

"మీ మీద కేసులేమైనా ఉన్నాయా? స్టేషన్ రికార్డులో ఎలాగూ చూస్తాను."

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల తిట్లు తప్ప ఏమీ లేవు సార్."

పోలీసు నవ్వాడు. మేస్త్రికి కాస్త ఊపిరి తిరిగింది. అంతలో పోలీసు చూపు మంచం మీదికి వెళ్లింది. అక్కడ దొంతరగా పరీక్ష పేపర్లు, పక్కనే ఎర్ర పెన్ను ఉన్నాయి.

"ఇవెవరివి?"

మేస్త్రి నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది. "అబ్బాయివేనండీ. తీరిక దొరికితే దిద్దుకుంటూ ఉంటాడు."

"లిఫ్టులు బాగుచేసే మనిషి ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతాడా అమ్మా?"

పక్కింటివాళ్లలో ఒకరికి నవ్వు ఆగక దగ్గు అందుకుంది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. భూమి చీలితే బాగుండునని చూశాడు గానీ, అది మేడ మీది గచ్చు.

"నేనిక్కడ ఉండటం లేదు సార్," అన్నాడు చివరికి. "ఐదు నెలలైంది మారి. పెద్ద రోడ్డు అవతల ఉంటున్నాను. కార్డు మార్చుకోలేదు, అందుకని..."

పోలీసు పెన్ను మూత పెట్టాడు. "ఆ ముక్క ఫారంలో రాస్తే సరిపోయేది. కార్డు పాతదైనా, ఉంటున్న ఇంటికి అద్దె ఒప్పందమో బ్యాంకు పుస్తకమో చూపిస్తే తీసుకునేవాళ్లు. రోడ్డు అవతల మా స్టేషన్ పరిధి కాదు, నేను రాలేను. ఇక్కడ ఉంటున్నాడని రాస్తే నా ఉద్యోగానికే ఎసరు. ఈ చిరునామాలో లేడనే రాస్తాను."

"రాస్తే పాస్‌పోర్టు ఇక రానట్టేనా సార్?"

"అప్పుడే ఏమీ అయిపోదు. రిపోర్టు బాగాలేదు, కారణం చెప్పమని పాస్‌పోర్టు ఆఫీసువాళ్లు ఉత్తరం రాస్తారు. ఉన్నదున్నట్టు చెప్పి, కొత్త ఇంటి కాగితాలివ్వండి. మళ్లీ వెరిఫికేషన్‌కి పంపుతారు, ఆ స్టేషన్‌వాళ్లొస్తారు. అయితే టైము పడుతుంది."

మేస్త్రి దగ్గర లేనిది ఆ టైమే. ఫారంలో ఉన్న పాత ఇంటికే ఉత్తరం రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ పని మధ్యలో పిన్నికి ఫోను చేసి, పోస్టు వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడు. భార్య ఒక్కసారి కూడా 'నేను చెప్పలేదా' అనలేదు. ఆవిడ అలా అననందుకే ఆయనకు ఎక్కువ సిగ్గేసింది. ఉత్తరం రాగానే ఆఫీసుకు వెళ్లి, చేసిన తప్పు తన చేతిరాతతోనే రాసి, అద్దె ఒప్పందం, కొత్త చిరునామా ఎక్కించిన బ్యాంకు పుస్తకం జతచేశాడు. కౌంటర్లో ఈసారి అడగకముందే, "ఇక్కడే ఉంటున్నానండీ, నిజంగా" అన్నాడు. గడువుకు ఇరవై రోజులుంది.

వారం తర్వాత రెండో స్టేషన్ నుంచి ఫోను. రేపు సాయంత్రం వస్తామన్నారు. మళ్లీ అవే మాటలు: కాగితాలు, ఫోటోలు, ఇద్దరు ఇరుగుపొరుగు.

ఫోను పెట్టేశాక మేస్త్రి గుమ్మంలోకి వచ్చి వీధి అటూ ఇటూ చూశాడు. ఈ వీధిలో తనను ఎరిగినవాళ్లెవరు? పొద్దు పొడవకముందే వెళ్తాడు, చీకటి పడ్డాక వస్తాడు. ఆదివారాల్లోనే లిఫ్టులు ఎక్కువగా ఆగుతాయి. చొక్కా మార్చుకుని తనే ఎదురింటి తలుపు తట్టాడు. పెద్దాయన ఒకరు తీశారు.

"ఎదురింట్లో ఉంటానండీ. రేపు పోలీసులొచ్చి నా గురించి అడుగుతారు."

"పోలీసులా!" పెద్దాయన సగం తలుపు మూశాడు. "ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది కదయ్యా?"

"నేను ఆవిడ భర్తనండీ."

"ఎప్పట్నుంచీ?"

"పెళ్లై పంతొమ్మిదేళ్లండీ. ఈ ఇంట్లో ఐదు నెలలు దాటింది."

వెనక నుంచి భార్య వచ్చి, "మా ఆయనేనండీ, పాస్‌పోర్టు కోసం" అంది. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "మీ మాట కాదనను తల్లీ. కానీ నేను చూడని మనిషిని చూశానని పోలీసులతో చెప్పలేను."

పాఠం చెప్పి ఒప్పించే పని మేస్త్రి మళ్లీ చేయదలుచుకోలేదు. దండం పెట్టి వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేశాడో లేదో పెద్దాయన పిలిచాడు.

"ఆగవయ్యా. తెల్లారుజామున నాలుగున్నరకి బండి బర్రుమనిపించేది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఐదు నెలలుగా నా నిద్ర చెడగొడుతున్నది నువ్వా!" పెద్దాయన గడప దాటి బయటికొచ్చాడు. "రానీ పోలీసుల్ని. ఎందుకు చెప్పను? తారీఖులతో సహా చెప్తాను!"

అన్నంత పనీ చేశాడు. మర్నాడు పోలీసు ఎదుట, ఈ మనిషి ఈ ఇంట్లోనే ఉంటున్నాడని, ఒక్క రోజు కూడా నాగా లేదని ఆవేశంగా చెప్పి, అంతే ఆవేశంగా సంతకం పెట్టాడు. ఆయన కేకలకు బయటికొచ్చిన పక్కింటావిడ, "మా పాపా ఆ చప్పుడుకే లేస్తుందండీ" అంటూ రెండో సంతకం చేసింది. పోలీసు రాసుకుంటూ, "ఇంత గట్టి సాక్ష్యం నాకెప్పుడూ దొరకలేదు" అన్నాడు.

గడువుకు నాలుగు రోజుల ముందు పాస్‌పోర్టు వచ్చింది. కంపెనీలో చూపించి మేస్త్రి జాబితాలో పేరు నిలబెట్టుకున్నాడు.

ఇప్పుడు తెల్లారుజామున ఆయన బండిని స్టార్టు చేయకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ వెళ్తున్నాడు. నిన్న చప్పుడేమీ లేకపోయినా సరిగ్గా నాలుగున్నరకి పెద్దాయన కిటికీ తెరిచి, "ఏమయ్యా, వెళ్తున్నావా?" అని అడిగాడట.