నాన్న వేసిన టైంటేబుల్

లాక్‌డౌన్‌లో ప్యాసింజర్ బళ్లన్నీ ఆగిపోయాక, సూరత్‌లో స్టేషన్ మాస్టరైన నాన్న నా బ్యాంకు పరీక్ష చదువు మీద పడ్డాడు. రోజూ సాయంత్రం ఏడింటికి ఎంత అనుకున్నాను, ఎంత అయింది, ఎన్ని తప్పులొచ్చాయి అని అడిగి రాసుకునేవాడు.

మొదటి ఆదివారం వారమంతా కలిపి చూస్తే ఏడింట్లో ఐదు రోజులు మ్యాథ్స్ అనుకున్న టైమ్‌కి అవ్వలేదు. టైంటేబుల్‌లో దాని వెనకున్న రీజనింగ్ కూడా ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"రోజూ ఇంకో రెండు గంటలు కూర్చుంటా!"

"వద్దమ్మా. ఆలస్యాన్ని సర్దుకోడానికి ప్రతి బండికీ చివర్లో కాస్త టైమ్ ఎక్కువిస్తాం. నీకు అదే లేదు."

కరెంట్ అఫైర్స్‌లో గంట కోసి, రోజు చివర ఖాళీగా వదిలాడు.

మరుసటి ఆదివారానికి ఒక్క పాఠం కూడా మిగల్లేదు! నేను గంతులేస్తుంటే నాన్న పుస్తకంలో పెద్దక్షరాలతో 'రైట్ టైమ్' అని రాశాడు.

"ఈ నెలలో నేను పంపిన ప్యాసింజర్ బండి నువ్వొక్కదానివే," అన్నాడు.